కూపన్ మూలనున్న గుర్తు

వందేళ్ల కిందట అమెరికా పత్రికల్లో ప్రకటన కింద ఓ చిన్న కూపన్ ఉండేది. కత్తిరించి పోస్టులో పంపితే నమూనా సరుకు వచ్చేది. ఒక్కో పత్రికలో కూపన్ మీద ఒక్కో గుర్తు వేసేవారు. ఏ గుర్తుతో ఎన్ని వచ్చాయో లెక్కపెడితే ఏ పత్రికకు పెట్టిన డబ్బు పండిందో తేలేది. క్లాడ్ హాప్కిన్స్ 1923 నాటి ‘సైంటిఫిక్ అడ్వర్టైజింగ్’లో ఈ లెక్కనే గట్టిగా సమర్థించాడు.

తర్వాత ఆ గుర్తు ఫోన్ నంబరులోకి చేరింది: ఒక్కో ప్రకటనకు ఒక్కో నంబరు. అలాంటి నంబరుని వర్చువల్ నంబరు అంటారు. దానికి సిమ్ ఉండదు. ఎవరైనా చేస్తే ఆ నంబరు ఇచ్చిన కంపెనీ సర్వరు కాల్‌ని అందుకుని మన మొబైల్‌కి మళ్లిస్తుంది. ఎవరు, ఎప్పుడు, ఎంతసేపు మాట్లాడారో రాసుకుంటుంది. మనం ఎత్తకపోయినా చేసినవారి నంబరు జాబితాలో ఉంటుంది.

విజయవాడలో వెబ్‌సైటు లేని ఒక ఏసీ మెకానిక్ ఉన్నాడనుకుందాం. కరపత్రాలకు ఒక నంబరు, గూగుల్ ప్రకటనకు ఇంకొకటి పెట్టాడు. రెండింటికీ మూడేసి వేలు ఖర్చు. కరపత్రం నుంచి 40 కాల్స్, ప్రకటన నుంచి 18. కరపత్రమే గెలిచిందనిపిస్తుంది. బిల్లు పుస్తకంతో సరిపోలిస్తే కరపత్రం కాల్స్‌లో 5 పనులయ్యాయి, ప్రకటన కాల్స్‌లో 8. అంటే ఒక్కో పనికి 600 రూపాయలు, 375 రూపాయలు. కాల్స్ లెక్క ఒక్కటే చూస్తే డబ్బు తప్పు చోటికి పోయేది.

ఏ కాల్‌ని పనికొచ్చేదిగా లెక్కించాలి? గూగుల్ ప్రకటనల్లో మామూలుగా 60 సెకన్లు దాటితే లెక్క. నా అనుభవంలో అది గుడ్డిగా నమ్మదగ్గది కాదు. ‘గ్యాస్ నింపడానికెంత? సరే, రేపు రండి’ అని 35 సెకన్లలో పని ఖాయం చేసేవాళ్లున్నారు. ఒక నెల కాల్స్‌ని పనులతో పోల్చి చూసి, మీ హద్దు మీరే పెట్టుకోవాలి. ఒకే నంబరు మూడుసార్లు చేస్తే ఒక్కరిగానే లెక్కపెట్టాలి.

వాట్సాప్‌లో ఆ పాత గుర్తు మొదటి మాటగా మారింది:

```
https://wa.me/91XXXXXXXXXX?text=AC%20service%20P1
```

91 ముందు ప్లస్ గానీ సున్నా గానీ ఉండకూడదు. %20 అంటే ఖాళీ. ఈ లింకుని కరపత్రం మీద క్యూఆర్‌గా అచ్చువేస్తే, స్కాన్ చేసినవారి తెర మీద ‘AC service P1’ సిద్ధంగా కనిపిస్తుంది. ఇన్‌స్టాగ్రామ్‌కి P2 ఇవ్వచ్చు. లింకు నొక్కడం వేరు, మెసేజ్ పంపడం వేరు. లెక్కించాల్సింది వచ్చిన మెసేజ్‌నే. కొందరు ఆ మాట చెరిపేసి ‘హలో’ అని పంపుతారు. అప్పుడు గుర్తు పోతుంది. అందుకే ఆ మాట కస్టమరు తానే అడిగేట్టు ఉండాలి. ఒట్టి కోడ్ పెడితే చెరిపేస్తారు.

పక్కింటివాళ్లు చెబితే చేసే కాల్‌కి ఏ గుర్తూ ఉండదు. ‘మా నంబరు ఎక్కడ దొరికిందండీ?’ అని అడిగి, జవాబుని బిల్లు వెనక రాసుకోవాల్సిందే.