పాత పేరు దించేటప్పుడు కస్టమర్‌ని ఎలా నిలబెట్టుకుంటారు: కౌంట్‌డౌన్, ఆంధ్రా బ్యాంక్ కథ

ఈ వారం ఎపిసోడ్‌లో సూపర్ మార్కెట్ పేరు మార్పు గురించి మాట్లాడుకున్నాం కదా. మాటల్లో కొన్ని విషయాలు తొందరగా దాటేశాం. అవి ఇక్కడ నిదానంగా రాస్తున్నాను. చివర్లో ఇంటికి డబ్బు పంపే వాళ్ళకి పనికొచ్చే సంగతి ఉంది, అంతవరకూ చదవండి.

మా రోటోటూనాలోనే కాదు, న్యూజిలాండ్ అంతా కౌంట్‌డౌన్ అంటే తెలియని ఇల్లు లేదు. 1981లో క్రైస్ట్‌చర్చ్‌లో మొదలైన పేరు అది. 2023 జులైలో కంపెనీ ఒక ప్రకటన చేసింది: దాదాపు 200 కౌంట్‌డౌన్ షాపుల పేరు తీసేసి ఊల్‌వర్త్స్ అని పెడతాం, షాపుల బాగుచేతతో కలిపి మూడేళ్ళలో 40 కోట్ల న్యూజిలాండ్ డాలర్లు ఖర్చు పెడతాం అని.

ఇందులో తమాషా ఏంటంటే, ఊల్‌వర్త్స్ కొత్త పేరు కాదు. ఒకప్పుడు ఇక్కడ ఫుడ్‌టౌన్, ఊల్‌వర్త్స్, కౌంట్‌డౌన్ అని మూడు పేర్లతో ఒకే కంపెనీ షాపులు నడిపేది. 2009 తర్వాత కొన్నేళ్ళలో మిగతా రెండు పేర్లూ తీసేసి అన్నిటినీ కౌంట్‌డౌన్ చేశారు. ఇప్పుడు తీసేసిన పేరునే మళ్ళీ తెచ్చి, ఉంచిన పేరుని తీసేస్తున్నారు. యజమాని ఆస్ట్రేలియా ఊల్‌వర్త్స్ కాబట్టి, రెండు దేశాల్లో ఒకే పేరు, ఒకే కార్డు ఉండాలని వాళ్ళ లెక్క.

బోర్డు కన్నా ముందు కార్డు

పేరు మార్పు అంటే మనకి కనిపించేది బోర్డు. క్రేన్ వచ్చి పాత అక్షరాలు దించి కొత్తవి ఎక్కిస్తుంది. కానీ కస్టమర్‌ని షాపుకి కట్టి ఉంచేది బోర్డు కాదు. ఆయన ఫోన్‌లోని యాప్, జేబులోని కార్డు, అందులో పోగైన పాయింట్లు. ఆ తాడు తెగితే బోర్డు ఎంత మెరిసినా మనిషి పక్క షాపుకి పోతాడు. ఇక్కడ పాక్‌న్‌సేవ్, న్యూ వరల్డ్ దగ్గర్లోనే ఉంటాయి మరి.

అందుకే వీళ్ళు ముందు తాడు మార్చారు. కౌంట్‌డౌన్‌లో వన్‌కార్డ్ అని ఉండేది. దాని బదులు 2024 ఫిబ్రవరి 1 నుంచి ఎవ్రీడే రివార్డ్స్ అని కొత్తది పెట్టారు. ఆ రోజుకి చాలా షాపుల మీద ఇంకా కౌంట్‌డౌన్ బోర్డే ఉంది. అంటే జనం పాత బోర్డు కిందే, తెలిసిన షాపులోనే, తెలిసిన క్యాషియర్ ముందే కొత్త కార్డుకి అలవాటు పడ్డారు. బోర్డులు తర్వాత ఒక్కో షాపు చొప్పున మారుతూ వచ్చాయి. పాత వెబ్‌సైట్ పేరు కొట్టినా కొత్తదానికే తీసుకెళ్ళేలా పెట్టారు.

రెండూ ఒకేరోజు మార్చి ఉంటే ఏమయ్యేది? ఒకాయన శనివారం సరుకులకి వస్తాడు. బోర్డు వేరే, కార్డు పనిచేయదు, యాప్ తెరుచుకోదు. ఆయనకి అది కొత్త షాపే. కొత్త షాపుకే వెళ్ళాలంటే చవగ్గా దొరికే చోటికే పోదాం అనుకుంటాడు. ఒక్కోటి మారిస్తే ఆ ఆలోచనకి చోటుండదు.

అయినా నష్టం ఎక్కడ జరుగుతుందో చూడండి. కొత్త కార్డులో ఒక డాలర్‌కి ఒక పాయింట్, 2,000 పాయింట్లకి 15 డాలర్ల వోచర్. వారానికి 200 డాలర్లు ఖర్చు పెట్టే ఇంటికి పది వారాలకో వోచర్ వస్తుంది. కొత్త కార్డు తీసుకోకుండా పాతదే జేబులో పెట్టుకుని తిరిగే మనిషికి అది రాదు. దానికి తోడు సభ్యుల ధర అని రాసిన సరుకుకి కూడా మామూలు ధరే పడుతుంది. ఆయన దాన్ని కార్డు మార్పు అనుకోడు, "పేరు మార్చి రేట్లు పెంచేశారు" అంటాడు. కౌంటర్ దగ్గర ఈ మాట ఎక్కువ వినబడుతోందంటే, జనం అందరూ కొత్త కార్డుకి మారలేదని అర్థం. అప్పుడు చేయాల్సింది టీవీ ప్రకటన కాదు. కౌంటర్ దగ్గరే ఒక మనిషిని నిలబెట్టి అక్కడికక్కడే కార్డు ఇప్పించాలి.

మన ఇంటి ఉదాహరణ: ఆంధ్రా బ్యాంక్

ఇప్పుడు మన సంగతి. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో మచిలీపట్నంలో పెట్టిన ఆంధ్రా బ్యాంక్, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్‌లో కలిసిపోయింది. కార్పొరేషన్ బ్యాంక్ కూడా అదే రోజు కలిసింది. పేరైనా ఉంచండి అని మన వాళ్ళు చాలా గట్టిగా అడిగారు, కుదరలేదు.

ఇక్కడ వరస తిరగబడింది. ముందు పేరు మారింది. బ్రాంచిల కంప్యూటర్లు అన్నీ యూనియన్ బ్యాంక్ వ్యవస్థలోకి వచ్చేసరికి ఆ ఏడాది డిసెంబర్ అయింది. పాత ఐఎఫ్ఎస్ కోడ్‌లు, పాత చెక్కు పుస్తకాలు 2021 మార్చి 31 దాకా చెల్లుతాయన్నారు. అంటే పేరు పోయినా పాత తాళంచెవి ఒక ఏడాది పనిచేసింది. అకౌంట్ నంబర్ మాత్రం మార్చలేదు. అది చాలా తెలివైన పని. పల్లెలో పెద్దాయనకి పాస్‌బుక్‌లో గుర్తుండేది ఆ నంబరే. అది అలాగే ఉంటే "నా డబ్బు నా దగ్గరే ఉంది" అన్న ధైర్యం ఉంటుంది.

కానీ ఈ ఏర్పాటులో ఒక చిల్లు ఉంది. ఊళ్ళో ఉన్నవాళ్ళు బ్రాంచికి వెళ్తారు, బోర్డు చూస్తారు, కొత్త పాస్‌బుక్ తెచ్చుకుంటారు. బయట దేశంలో ఉన్న మనం ఏమీ చూడం. డబ్బు పంపే యాప్‌లో అమ్మ పేరు, నంబర్, కోడ్ ఎప్పుడో ఒకసారి ఎక్కించి ఉంటాం. తర్వాత నెలనెలా ఒక్క నొక్కుతో పంపడమే. గడువు దాటాక పాత కోడ్‌తో పంపిన డబ్బు అమ్మకి చేరకపోవచ్చు, కొన్ని రోజులకి తిరిగి మనకే రావచ్చు. ఆ మధ్యలో రేటు పడితే ఆ తేడా మనదే. ఇంట్లో కట్టాల్సిన ఫీజు గడువు అయిపోతే ఆ తిప్పలు వేరే.

మీ యాప్‌లో ఇలా చూసుకోండి. సేవ్ చేసిన పేరు తెరవండి. కోడ్ ANDB అని మొదలైతే అది పాతది. ఆంధ్రా బ్యాంక్ నుంచి వచ్చిన బ్రాంచిలకి కొత్త కోడ్ UBIN08 అని మొదలవుతుంది. మిగతా అంకెలు ఊహించి కొట్టకండి, ఇంట్లో వాళ్ళని కొత్త పాస్‌బుక్ మొదటి పేజీ ఫోటో పంపమనండి. బ్యాంకు నుంచి బ్యాంకుకి నేరుగా పంపేవాళ్ళు స్విఫ్ట్ కోడ్ కూడా చూసుకోవాలి. మార్చాక ముందు చిన్న మొత్తం పంపి, అందిందని ఫోన్‌లో విన్నాకే అసలు మొత్తం పంపండి.

ఇంకొకటి. పేరు మారే టైమ్ దొంగలకి పండగ. "బ్యాంకు కలిసిపోయింది, మీ అకౌంట్ మార్చాలి, ఓటీపీ చెప్పండి" అని ఫోన్ వస్తే అది బ్యాంకు కాదు. బ్యాంకు తన పని తనే చేసుకుంటుంది, ఓటీపీ అడగదు. ఈ మాట ఇంట్లో పెద్దవాళ్ళకి తప్పకుండా చెప్పండి.

రెండు కథలూ పక్కపక్కన పెడితే తేడా ఇదీ: కౌంట్‌డౌన్ వాళ్ళ కస్టమర్ వారంవారం షాపుకి వస్తాడు, కాబట్టి ఎదురుగా నిలబడి మార్చగలిగారు. ఆంధ్రా బ్యాంక్ కస్టమర్లలో మనలాంటి వాళ్ళు ఏళ్ళ తరబడి గడప తొక్కరు. అలాంటి చోట ఏడాది గడువు కూడా ఒక్కోసారి చాలదు. మీరు చిట్‌ఫండో, చిన్న షాపో నడుపుతూ పేరు మార్చాలనుకుంటే ముందు ఈ లెక్క వేయండి: మీ దగ్గరికి అందరికన్నా అరుదుగా వచ్చే కస్టమర్ ఎన్నాళ్ళకి ఒకసారి వస్తాడు? పాత పేరు, పాత నంబర్ కనీసం అన్నాళ్ళు పనిచేయాలి.

పూర్తి మాటలు కింద ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఉన్నాయి. వచ్చే వారం కలుద్దాం.