రెక్క చెప్పేది కొంత, లేబుల్ చెప్పేది మిగతాది

సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న కెమెరా డ్రోన్. పెట్టె లేదు, బిల్లు లేదు. పాత యజమాని ఒళ్ళంతా రంగుల స్టిక్కర్ అంటించేయడంతో కంపెనీ పేరు కూడా కనిపించదు. బ్యాటరీ ఉబ్బిపోతే పారేశారట, దాని గది ఖాళీ. కొత్తది కావాలని ఫోటో తీసి షాపుకు వాట్సాప్‌లో పంపితే, ‘మినీ కదా సార్, బ్యాటరీ ఉంది’ అని నిమిషంలో జవాబు వస్తుంది. చిక్కు ఆ జవాబులోనే ఉంది. డీజేఐ కంపెనీ మినీలు ఒకటి కాదు. పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉండే వాటికి వేర్వేరు బ్యాటరీలున్నాయి.

మన దేశంలో ఈ గుర్తింపు అవసరం 2022 తర్వాత మరింత పెరిగింది. ఆ ఏడాది ఫిబ్రవరి 9న కేంద్రం తయారైన డ్రోన్ల దిగుమతిని నిషేధించింది, విడిభాగాలను మాత్రం అనుమతించింది. దాంతో అప్పటికే ఉన్న డ్రోన్లు చేతులు మారుతున్నాయి, వాటికి బ్యాటరీలు విడిగా వెతుక్కోవలసి వస్తోంది.

ఫోటోలో ముందుగా చూడవలసింది ఒంటి రంగూ ఆకారమూ కాదు, మోటారు. రెక్క కింద సన్నటి గొట్టంలాంటి మోటారు, దాని నుంచి రెండు సన్నని తీగలు, పక్కనే ప్లాస్టిక్ పళ్ళచక్రం కనిపిస్తే అది దాదాపుగా బొమ్మ తరగతి డ్రోన్. పొట్టిగా, వెడల్పుగా గిన్నె బోర్లించినట్టుండి, సందుల్లోంచి రాగి చుట్లు కనిపిస్తే అది బ్రష్‌లెస్ మోటారు. మొదటి రకం ఎక్కువగా ఒకే సెల్ బ్యాటరీతో, అంటే 3.7 వోల్టులతో నడుస్తుంది. రెండో రకానికి సాధారణంగా రెండు సెల్‌లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ కావాలి. ఈ ఒక్క తేడాతోనే సగం బ్యాటరీలు జాబితాలోంచి పోతాయి.

తర్వాత రెక్కలు. మినీ రకాల్లో ఒక్కో మోటారు మీద రెండు విడి రెక్కలుంటాయి, ఒక్కోటి ఒక చిన్న స్క్రూతో బిగించి ఉంటుంది. డీజేఐ పెద్ద మడత డ్రోన్లలో స్క్రూ ఉండదు, రెక్కను నొక్కి తిప్పితే ఊడి వస్తుంది. కాబట్టి ఫోటోలో ఆ చిన్న స్క్రూలు కనిపించాయంటే మినీ కుటుంబం దగ్గరికి వచ్చేసినట్టే. అయితే అందులో ఏ తరం?

దానికి కొలత కావాలి. ఫోటోలో పోల్చుకోవడానికి ఏదైనా లేకపోతే పెద్దదేదో చిన్నదేదో చెప్పలేం, అందుకే డ్రోన్ పక్కన ఒక పది రూపాయల నాణెం పెట్టమని అడగాలి. ఆ నాణెం వ్యాసం 27 మిల్లీమీటర్లు. రెక్కలు పూర్తిగా విప్పి, ఒక కొస నుంచి ఇంకో కొస వరకు ఎన్ని నాణేలు పడతాయో లెక్కేస్తే చాలు. సుమారు నాలుగున్నర పడితే రెక్క 4.7 అంగుళాలది. అయిదున్నర దాటితే 6 అంగుళాలది. మొదటిది మావిక్ మినీ, మినీ 2, వాటి వారసులది. రెండోది మినీ 3, మినీ 3 ప్రో, మినీ 4 ప్రో వాడేది. రెక్క మీద అచ్చు పడిన అంకెలు కూడా ఇదే చెబుతాయి. 4726 అంటే వ్యాసం 4.7 అంగుళాలు, ఒక్క చుట్టుకు గాలిని కోసుకుంటూ సిద్ధాంతం ప్రకారం ముందుకు సాగే దూరం 2.6 అంగుళాలు. 6030 అంటే 6 అంగుళాలు, 3 అంగుళాలు. ఆ అంకెలు నల్లటి ప్లాస్టిక్ మీద నల్లగానే ఉంటాయి కనుక పైనుంచి ఫ్లాష్ వేస్తే కనిపించవు. టార్చిని పక్కనుంచి వాలుగా పట్టుకుంటే అంకెల అంచులకు నీడ పడి చదవడానికి వీలవుతుంది.

ఇక్కడొక జాగ్రత్త ఉంది. ఫోన్‌ను బాగా దగ్గరగా పెట్టి తీసిన ఫోటోలో కెమెరాకు దగ్గరున్న రెక్క ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది. కాస్త దూరంగా నిలబడి, జూమ్ చేసి, నేరుగా పైనుంచి తీయాలి. నాణెం కూడా రెక్క ఎత్తులోనే ఉండాలి. బల్ల మీద పెడితే లెక్క కొంత తప్పుతుంది.

కొలత నమ్మకంగా అనిపించకపోతే కాళ్ళు చూడాలి. పాత మినీల ముందు చేతుల చివర కిందికి చిన్న కాళ్ళు దిగి ఉంటాయి. మినీ 3 తరంలో ముందు చేతులకు కాళ్ళు లేవు, నేల మీద ఒళ్ళే ఆనుకుంటుంది.

స్టిక్కర్ కింద ఉన్న మన డ్రోన్‌లో రెక్క నాలుగున్నర నాణేలు వచ్చిందనీ, ముందు కాళ్ళున్నాయనీ అనుకుందాం. అంటే అది మావిక్ మినీ, మినీ 2, మినీ ఎస్ఈ, మినీ 2 ఎస్ఈ, మినీ 4కే అనే అయిదింటిలో ఒకటి. మొదటిది 2019లో, చివరిది 2024లో వచ్చాయి. రెక్కలు ఇక్కడితో ఆగిపోతాయి, ఇంతకుమించి చెప్పలేవు. ఇప్పుడు వెనుకవైపు ఫోటో కావాలి. బ్యాటరీ తలుపు దగ్గర చార్జింగ్ రంధ్రం టైప్-సి అయితే మావిక్ మినీ కాదు, బ్యాటరీ మినీ 2 రకానిదే. పాత ఫోన్లకుండే మైక్రో యూఎస్‌బీ అయితే? మావిక్ మినీ అని తేల్చేయాలనిపిస్తుంది. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. 2021లో వచ్చిన మినీ ఎస్ఈకి కూడా మైక్రో యూఎస్‌బీయే ఉంది. కానీ అది వాడేది మినీ 2 తరహా బ్యాటరీ.

కాబట్టి మైక్రో యూఎస్‌బీ కనిపిస్తే ఫోటోలతో ఇక తేలదు, లేబుల్ చదవాలి. బ్యాటరీ గది లోపలా, డ్రోన్ అడుగునా వెతికితే మోడల్ నంబరు దొరుకుతుంది. మావిక్ మినీకి అది MT1SS5 లేదా MT1SD25, మినీ 2కి MT2PD. స్టిక్కర్ అంటించినవాళ్ళు బ్యాటరీ గది లోపల సాధారణంగా అంటించరు.

ఇంతకీ ఆ రెండు బ్యాటరీల తేడా ఏమిటి? మావిక్ మినీది 7.2 వోల్టులు, 2400 ఎంఏహెచ్. మినీ 2ది 7.7 వోల్టులు, 2250 ఎంఏహెచ్. వోల్టులను ఆంపియర్ అవర్‌తో గుణిస్తే మొదటిదానిలో 17.28 వాట్ అవర్ల శక్తి, రెండోదానిలో 17.32. అంటే నిల్వ ఉండే శక్తి దాదాపు సమానం. ఆకారమూ ఒక్కలాంటిదే. ‘రెండూ ఒకటే సార్’ అనే మాట పుట్టడానికి ఇంతకన్నా కారణం అక్కరలేదు.

కానీ లోపల రసాయనం వేరు. రెండిటిలోనూ రెండేసి సెల్‌లున్నాయి. మావిక్ మినీ బ్యాటరీ నిండినప్పుడు 8.4 వోల్టులకు చేరుతుంది, అంటే సెల్‌కు 4.2. మినీ 2 బ్యాటరీ 8.8 దాకా పోతుంది, సెల్‌కు 4.4. 8.4 దగ్గర ఆగిపోయే చార్జరుతో 8.8 రకాన్ని నింపితే అది పూర్తిగా నిండదు, ఎగిరే సమయం తగ్గుతుంది. తారుమారైతే మరీ ప్రమాదం. 4.2 వోల్టులు భరించే సెల్‌లోకి 4.4 తోస్తే అది వేడెక్కుతుంది, ఉబ్బుతుంది, మంటా అంటుకోవచ్చు. అసలు బ్యాటరీలలో ఇలాంటిది జరగకుండా ఆపే సర్క్యూట్ ఉంటుంది. నకిలీలో అది పనిచేస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అందుకే లేబుల్ మీద ఎంఏహెచ్ కన్నా ముందు చదవవలసింది వోల్టులు, ఆ తర్వాత చార్జింగ్ గరిష్ఠ వోల్టులు.

బరువు సంగతి కూడా చిన్నది కాదు. మావిక్ మినీ బ్యాటరీ 100 గ్రాములు, మినీ 2ది 82.5. రెండు డ్రోన్లూ తమ తమ బ్యాటరీతో 249 గ్రాములు తూగుతాయి. మినీ 2లో 100 గ్రాముల బ్యాటరీ దూర్చితే మొత్తం 266 గ్రాములు దాటుతుంది. మన డ్రోన్ నియమాలు, 2021 ప్రకారం 250 గ్రాముల లోపువి నానో తరగతి, ఆపైన మైక్రో. నానోకు పైలట్ సర్టిఫికెట్ అక్కరలేదు. మైక్రో డ్రోన్‌ను పెళ్ళిళ్ళలో డబ్బు తీసుకుని ఎగరేస్తే కావాలి. పదిహేడు గ్రాముల తేడాతో ఫోటోగ్రాఫర్ నియమాల్లో ఒక గడి నుంచి ఇంకో గడిలోకి జారిపోతాడు.

నకిలీని పట్టుకోవడానికీ ఇవే అంకెలు పనికొస్తాయి. లేబుల్ మీద ఉన్న వోల్టులూ ఎంఏహెచ్ గుణించినప్పుడు అదే లేబుల్ మీది వాట్ అవర్లు రాకపోతే ఆ లేబుల్‌ను నమ్మకూడదు. వంటింటి డిజిటల్ కాటా మీద పెట్టినప్పుడు మినీ 2 బ్యాటరీ 82, 83 గ్రాముల దగ్గర కాకుండా బాగా తక్కువ చూపిస్తే, లోపల చెప్పినంత సెల్ లేదనే అనుమానించాలి.

మోటారు చూడగానే బొమ్మ డ్రోన్ అని తేలిందనుకోండి, పని కొంత తేలిక, కొంత కష్టం. వోల్టు దాదాపు తెలిసిపోతుంది. ఉదాహరణకు ఒకప్పుడు విపరీతంగా అమ్ముడైన సైమా ఎక్స్5సీకి 3.7 వోల్టుల 500 ఎంఏహెచ్ బ్యాటరీ వస్తుంది. కష్టమల్లా ప్లగ్గుతోనే. చూడటానికి ఒకేలా ఉండే రెండు పిన్నుల ప్లగ్గుల్లో ఎర్ర తీగ, నల్ల తీగ స్థానాలు తారుమారై ఉండవచ్చు. ప్లగ్గు దూరుతుంది, బోర్డు కాలిపోతుంది. పాత బ్యాటరీ ఉబ్బి ఉన్నా దాని ప్లగ్గును దగ్గర నుంచి ఫోటో తీసి ఉంచుకోవాలి, బ్యాటరీ గది పొడవు, వెడల్పు, లోతు స్కేలుతో కొలవాలి. కొత్తది పెట్టేముందు మల్టీమీటరుతో ప్లస్, మైనస్ సరిచూడాలి. ఎక్కువ ఎంఏహెచ్ అని లావు బ్యాటరీని గదిలో కుక్కితే దాని బరువు మోయడానికే మోటార్లు వేడెక్కిపోతాయి.

ఇక, సరైన బ్యాటరీయే వచ్చినా బటన్ నొక్కితే లైట్లు వెలగకపోవచ్చు. చాలాకాలం షెల్ఫులో ఉన్న స్మార్ట్ బ్యాటరీ తనను తాను కాపాడుకోవడానికి నిద్రలోకి వెళ్తుంది. చార్జింగ్ పెడితే మేలుకుంటుంది, కాబట్టి చెడిపోయిందని వెంటనే తిరిగి పంపనక్కరలేదు. గదిలోకి జారుతూ మధ్యలో ఇరుక్కుంటే మాత్రం బలంగా నెట్టకూడదు. అది ఉబ్బిందని గానీ, వేరే రకానిదని గానీ అర్థం.

మొదటిసారి ఎగరేసేటప్పుడు డ్రోన్‌ను మనిషి ఎత్తులోనే నిలిపి, యాప్‌లో బ్యాటరీ సమాచారం తెరిచి చూడాలి. రెండు సెల్‌ల వోల్టులు దాదాపు సమానంగా దిగుతూ రావాలి. ఒకటి నిలకడగా ఉండగా రెండోది వేగంగా జారిపోతుంటే, లేదా ఛార్జి శాతం ఒక్కసారిగా కూలుతుంటే వెంటనే దించి, ఆ తెర స్క్రీన్‌షాట్‌తో పాటు బ్యాటరీని అమ్మిన షాపుకే తిరిగి పంపాలి.