లాగ్ ఆడ్స్ నుంచి సంభావ్యత దాకా: ఛాలెంజర్ లెక్క

లాజిస్టిక్ రిగ్రెషన్ ఇచ్చే గుణకం ఒక ఘటన జరిగే సంభావ్యతను నేరుగా చెప్పదు. అది లాగ్ ఆడ్స్‌లో వచ్చే మార్పును చెబుతుంది. జరిగే సంభావ్యతను జరగని సంభావ్యతతో భాగిస్తే వచ్చేది ఆడ్స్. సంభావ్యత 0.8 అయితే ఆడ్స్ 0.8ను 0.2తో భాగించగా 4, సంభావ్యత 0.5 అయితే ఆడ్స్ 1. దానికి సహజ లాగరిథం తీస్తే లాగ్ ఆడ్స్ వస్తుంది. సంభావ్యత సున్నా, ఒకటి మధ్యే ఉండాలి. సరళరేఖకు అలాంటి హద్దు లేదు. లాగ్ ఆడ్స్‌కు కూడా ఏ వైపూ హద్దు లేదు కాబట్టి, రేఖను అక్కడ గీసి ఫలితాన్ని తిరిగి సంభావ్యతలోకి మార్చుకుంటారు.

అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్ కథలో ఈ లెక్క స్పష్టంగా కనిపిస్తుంది. 1986 జనవరి 28న ప్రయోగించిన కాసేపటికే అది కూలిపోయి ఏడుగురు మరణించారు. బూస్టర్ రాకెట్ అతుకుల్లోని ఓ-రింగులనే రబ్బరు వలయాలు చలికి సరిగా మూసుకోకపోవడం కారణంగా తేలింది. అంతకుముందు వివరాలు దొరికిన 23 ప్రయోగాల్లో ఏడింటిలో ఈ వలయాలకు నష్టం కనిపించింది. అప్పటి ఉష్ణోగ్రతలు 53 నుంచి 81 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు ఉన్నాయి. ఈ 23 ప్రయోగాలకు లాజిస్టిక్ రిగ్రెషన్ వేస్తే వచ్చే సమీకరణం ఇది:

```
log(p / (1 - p)) = 15.043 - 0.2322 * T
```

ఇక్కడ p అంటే కనీసం ఒక వలయానికి నష్టం జరిగే సంభావ్యత, T అంటే ఉష్ణోగ్రత. గుణకం −0.2322. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే లాగ్ ఆడ్స్ అంత తగ్గుతుంది. ఈ మాట ఎవరికీ ఒంటబట్టదు. అందుకే దాన్ని ఘాతంగా మారుస్తారు: exp(−0.2322) అంటే సుమారు 0.79. ఇదే ఆడ్స్ నిష్పత్తి. ఒక్కో డిగ్రీ పెరిగినప్పుడు ఆడ్స్ మునుపటి విలువలో 79 శాతానికి దిగుతాయి. పది డిగ్రీలు తగ్గితే exp(2.322), అంటే పది రెట్లకు కొంచెం పైగా పెరుగుతాయి. పది డిగ్రీల మార్పు కోసం గుణకాన్నే ముందుగా పదితో గుణించి, ఆ తర్వాత ఘాతం తీయాలి, 0.79ను పదితో గుణిస్తే తప్పు.

15.043 అనే స్థిరాంకం సున్నా డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గరి లాగ్ ఆడ్స్. అంత చలిలో ఎవరూ ప్రయోగించలేదు కాబట్టి విడిగా దానికి చెప్పుకోదగ్గ అర్థం లేదు. కానీ సంభావ్యత లెక్కకు అది తప్పనిసరి. 70 డిగ్రీల దగ్గర లాగ్ ఆడ్స్ −1.21, ఆడ్స్ 0.30. ఆడ్స్‌ను, ఆడ్స్‌కు ఒకటి కలపగా వచ్చిన మొత్తంతో భాగిస్తే సంభావ్యత 0.23. 60 డిగ్రీలకు లాగ్ ఆడ్స్ 1.11, ఆడ్స్ 3.04, సంభావ్యత 0.75.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. 70 నుంచి 60కి దిగితే ఆడ్స్ పది రెట్లు పెరిగాయి. సంభావ్యత మాత్రం 0.23 నుంచి 0.75కి, అంటే మూడు రెట్లకు పైగా పెరిగింది. 80 నుంచి 70కి దిగినప్పుడూ ఆడ్స్ పెరుగుదల అదే పది రెట్లు, కానీ సంభావ్యత 0.03 నుంచి 0.23కి చేరి దాదాపు ఎనిమిది రెట్లవుతుంది. ఆడ్స్ నిష్పత్తి అన్నిచోట్లా ఒకటే. సంభావ్యతలో మార్పు మాత్రం మొదలుపెట్టిన చోటును బట్టి ఉంటుంది. ఘటన చాలా అరుదైనప్పుడే రెండూ దగ్గరగా ఉంటాయి. కాబట్టి ఆడ్స్ నిష్పత్తి పది అని చూసి ‘ప్రమాదం పది రెట్లు’ అని రాయడం పాఠకుణ్ణి తప్పుదారి పట్టించడమే. ఒకటి రెండు నిర్దిష్ట పరిస్థితులకు సంభావ్యతలు లెక్కగట్టి పక్కనే ఇవ్వడం మంచి పద్ధతి.

సాఫ్ట్‌వేర్‌లోనూ ఒక చిక్కుంది. ఆర్ భాషలో ఇలా రాయాలి:

```
fit <- glm(damage ~ temp, family = binomial)
exp(coef(fit))
predict(fit, data.frame(temp = 60), type = "response")
```

చివరి `type = "response"` మరిచిపోతే వచ్చేది లాగ్ ఆడ్స్. అప్పుడు 1.11 లాంటి సంఖ్యో, రుణ సంఖ్యో కనబడుతుంది. సంభావ్యత అలా ఉండదు కాబట్టి పొరపాటు ఇట్టే తెలుస్తుంది. కానీ 0.4 లాంటిది వస్తే మాత్రం పట్టుకోవడం కష్టం.

23 ప్రయోగాలంటే చాలా తక్కువ సమాచారం. గుణకానికి 95 శాతం విశ్వాస అంతరం −0.444 నుంచి −0.020 వరకు ఉంది. దాని రెండు కొసలకూ ఘాతం తీస్తే ఆడ్స్ నిష్పత్తి 0.64 నుంచి 0.98 వరకు వస్తుంది. చలి హాని చేస్తుందనే దిశ తెలిసింది గానీ, ఎంత హాని అన్నది కచ్చితంగా తేలలేదు.

ఆ ఉదయానికి అంచనా వేసిన ఉష్ణోగ్రత 31 డిగ్రీలు. సమీకరణంలో పెడితే సంభావ్యత 0.9996 వస్తుంది. కానీ అది అప్పటిదాకా చూసిన అతి తక్కువ ఉష్ణోగ్రతకు 22 డిగ్రీలు కింద ఉంది. అంత దూరంలో ఆ నాలుగు అంకెల కచ్చితత్వాన్ని నమ్మకూడదు. ప్రయోగానికి ముందు రాత్రి ఇంజినీర్ల చర్చలో మాత్రం నష్టం జరిగిన ప్రయోగాలనే పోల్చి చూశారు, ఏ నష్టమూ లేనివాటిని వదిలేశారు. ఆ పదహారు ప్రయోగాలూ 66 డిగ్రీలు, ఆపైన జరిగినవే. 65 డిగ్రీల లోపు జరిగిన నాలుగింటిలో నాలుగింటికీ నష్టం జరిగింది.