అన్న పుట్టినరోజు వీడియోకు మాటలు రాయడం ఎలా?

పుట్టినరోజు నాడు కేకు కోయడానికి ముందు టీవీలో ఒక వీడియో వేయడం ఇప్పుడు మన ఇళ్లలో మామూలైపోయింది. చిన్ననాటి ఫొటోలు ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి, కింద సినిమా పాట నడుస్తుంటుంది. దానికి తోబుట్టువు గొంతు కలిస్తే వీడియో తీరే మారిపోతుంది. ఫొటోలో ఉన్నది అందరికీ కనిపిస్తుంది. అది తీసిన రోజు ఇంట్లో ఏం జరిగిందో మాత్రం కలిసి పెరిగిన వాళ్లకే తెలుసు. వాయిస్‌ఓవర్ స్క్రిప్టు రాసేవాళ్లు పట్టుకోవలసిన సూత్రం ఇదే: తెర చూపిస్తున్నదాన్ని గొంతు మళ్లీ చెప్పకూడదు, తెర చూపించలేనిదాన్ని చెప్పాలి.

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. అన్న దుబాయ్‌లో ఎలక్ట్రీషియన్. చెల్లెలు జగిత్యాల దగ్గర ఒక ఊళ్లో టీచరు. తండ్రి లేడు, తల్లి చెల్లెలి దగ్గరే ఉంటుంది. సెప్టెంబరులో అన్నకు నలభై ఏళ్లు నిండుతున్నాయి. ఆ రోజు అతను రూములో తోటివాళ్ల మధ్య ఉంటాడు కాబట్టి వీడియో వాట్సాప్‌లో పంపాలి. చెల్లెలు కాగితం ముందు కూర్చుంటే మొదట వచ్చే మాటలు దాదాపు ఇలా ఉంటాయి: ‘ప్రియమైన అన్నయ్యా, నువ్వు మాకు దేవుడిచ్చిన వరం. నాన్న తర్వాత నాన్నవై మమ్మల్ని నడిపించావు. నీ త్యాగాలకు మాటలు చాలవు.’

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా ఇది పనికిరాదు. ఎందుకో తెలుసుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. ఆ వాక్యాలను పక్కింటి అన్నకు ఆపాదించి చదవండి. అక్కడా సరిగ్గా అతికితే అవి మీ అన్నవి కావు, కొట్టేయండి. మిగిలిన ప్రతి పెద్ద మాటనూ పట్టుకుని ఒక ప్రశ్న వేయండి. త్యాగం అని రాశారా? అతను వదులుకున్న వస్తువు ఏది, అది తర్వాత ఇంట్లో ఎక్కడ ఉండేది? నడిపించాడని రాశారా? ఏ రోజు, ఎక్కడికి, ఏమని? ఈ ప్రశ్నలకు వచ్చే జవాబులే అసలు స్క్రిప్టు. మన చెల్లెలి విషయంలో త్యాగం అన్న మాట అడుగున దొరికినవి, అటకెక్కిన డిగ్రీ పుస్తకాలు.

జవాబులు ఒక్కరి జ్ఞాపకంలోంచే రావు. రాయడానికి ముందు అమ్మతోనో, చిన్నమ్మతోనో పాత ఫొటోలు ముందు వేసుకుని ఒక పూట కూర్చోవాలి. ‘అన్న గురించి ఏమైనా చెప్పు’ అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. ‘ఈ ఫొటో ఎవరు తీశారు, ఈ చొక్కా ఎవరిది, ఆ రోజు అన్న ఎందుకు అలా నిలబడ్డాడు’ అని అడిగితే కథలు బయటికొస్తాయి. వాటిలో ఒకే గుణాన్ని చూపించే రెండు మూడు సంఘటనలు ఏరుకుంటే చాలు. పుట్టుక నుంచి పెళ్లి దాకా అన్నీ చెప్పబోతే వీడియో బయోడేటాలా తయారవుతుంది. మన ఉదాహరణలో అన్న గుణం ఒక్కటే, చేసినదాన్ని చెప్పుకోకపోవడం. ఆ దారం మీదే మిగతావన్నీ గుచ్చాలి.

ఇక నిడివి. ఇంట్లో పదిమంది కలిసి చూసే వీడియోకైనా, ఫోన్‌లో ఒంటరిగా చూసేదానికైనా ఒకటిన్నర నుంచి రెండు నిమిషాలు సరిపోతుంది. తెలుగులో విభక్తులు, ప్రత్యయాలు మాటకే అతుక్కుని ఉంటాయి కాబట్టి మాటలు పొడవుగా ఉంటాయి, నిమిషానికి పట్టేవి తక్కువ. భావంతో, తొందర లేకుండా చదివితే నిమిషానికి 80 నుంచి 100 మాటలు వస్తాయి. మీ వేగం తెలుసుకోవడానికి ఏదైనా పేరా తీసుకుని ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చదివి చూసుకోండి. మొత్తం నిడివిలో అయిదో వంతు మౌనానికి వదలాలి. అంటే ఒకటిన్నర నిమిషం వీడియోకు సుమారు 100 మాటల స్క్రిప్టు రాయాలి. ఫొటోకు అయిదు సెకన్ల చొప్పున 18 ఫొటోలు పడతాయి.

ఈ లెక్కతో చెల్లెలి రెండో ప్రతి ఇలా తయారవుతుంది:

‘అన్నా, ఈ ఫొటోల నువ్వు నవ్వుతున్నవ్. గా రోజు పొద్దున నీకు నూట రెండు జ్వరం. నా బడిల పోటీ ఉన్నదని లేచి వచ్చినవ్. నేను ఓడిపోయిన. నువ్వు మాత్రం ఇంటికి వచ్చి అమ్మకు, చెల్లె మంచిగ ఉరికింది అని చెప్పినవ్.

బాపు పోయినప్పుడు నీకు పందొమ్మిదేండ్లు. డిగ్రీ పుస్తకాలు అటక మీద పెట్టి వైరింగ్ పని నేర్చుకున్నవ్. ఎందుకు ఆపినవని నేను అడగలే. నువ్వు చెప్పలే.

నేను బీఈడీ చదివేటప్పుడు నెలనెలా పైసలు పంపేటోనివి. ఫోన్ల ఒక్కటే మాట అడిగేటోనివి, తిన్నవా అని. కట్టిన పైసల ముచ్చట ఎన్నడూ తియ్యలే.

ఇప్పుడు నేను బడిల పాఠం చెప్తున్న. చదువు ఆపిన పిల్లలు కనిపిస్తే నాకు అటక మీది నీ పుస్తకాలే యాదికొస్తయ్. ఆ పిల్లల ఇంటికి పోయి మాట్లాడుత.

ఈసారి రాఖీకి రాలేకపోయినవ్. పోస్టుల పంపిన. దసరాకు వస్తవని అమ్మ ఎదురుచూస్తున్నది. నలభై ఏండ్లు నిండినయ్ అన్నా. పుట్టినరోజు శుభాకాంక్షలు. తిన్నవా?’

ఇందులో ప్రేమ, త్యాగం, రుణం అన్న మాటలు ఎక్కడా లేవు. వాటిని వినేవాళ్లే అనుకుంటారు. మరో విషయం గమనించండి. ఇది ఇంట్లో అన్నాచెల్లెళ్లు మాట్లాడుకునే మాట. అన్న జగిత్యాల వాడైతే ‘అన్నా, యాదికున్నదా’ అనాలి, ఏలూరు వాడైతే ‘అన్నయ్యా, గుర్తుందా’ అనాలి. ఏ పిలుపుతో మొదలుపెడితే చివరిదాకా అదే పిలుపు ఉండాలి. ఇంట్లో నువ్వు అని పిలిచే అన్నను వీడియోలో మీరు అంటే వినే మనిషి అక్కడే దూరం జరుగుతాడు. తమ్ముడికి రాసే అక్క కూడా ‘ఒరేయ్’ అనడం అలవాటైతే అలాగే అనవచ్చు. సంఖ్యలను స్క్రిప్టులో అక్షరాల్లో రాసుకుంటే చదివేటప్పుడు తడబాటు ఉండదు.

స్క్రిప్టును రెండు నిలువు గడులుగా గీసిన కాగితం మీద రాసుకోవాలి. ఎడమ గడిలో ఫొటో, కుడి గడిలో మాట. జ్వరం మాట వచ్చేచోట అన్న నవ్వుతున్న ఫొటో ఉంటేనే ఆ వాక్యానికి బలం. ‘బాపు పోయినప్పుడు’ అన్న పేరాకు ముందు తండ్రి ఫొటో ఒక్కటే పెట్టి, నాలుగు సెకన్లు గొంతు ఆపేయాలి. అక్కడ మాట పెడితే చూసేవాళ్ల ఊపిరికి చోటుండదు. పుస్తకాల దగ్గర అటక ఫొటో లేకపోతే ఇప్పుడు ఫోన్‌తో తీసుకోవచ్చు. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది, అసలు విషయం అక్కడే తేలుతుంది. అందుకే వాక్యం మధ్యలో ఫొటో మార్చితే చెవి ఒకటి వింటుంటే కన్ను మరొకటి చూస్తుంది. వాక్యం పూర్తయ్యాక ఫొటో మార్చండి. వాక్యం ఒక్క ఊపిరిలో ముగియకపోతే దాన్ని రెండుగా విరవండి.

రికార్డింగుకు ఫోన్ చాలు, గది మాత్రం కుదరాలి. టైల్స్ వేసిన ఖాళీ హాల్లో చదివితే గొంతు ప్రతిధ్వనిస్తుంది. పరుపు, దుప్పట్లు, బట్టల బీరువా ఉన్న చిన్న పడకగది మేలు, ఎందుకంటే గుడ్డలు ధ్వనిని పీల్చుకుంటాయి. ఫ్యాన్ ఆపేయాలి. ఫ్యాన్ హోరు గదిలో ఉన్నప్పుడు మనకు తెలియదు, రికార్డింగులో స్పష్టంగా వినిపిస్తుంది. ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, నోటికి జానెడు దూరంలో కాస్త పక్కగా పట్టుకోండి. నోటికి ఎదురుగా పెడితే ప, బ, భ అక్షరాల గాలి మైకును కొట్టి ‘టప్’ మన్న శబ్దం వస్తుంది. పేరాకో ఫైలు చొప్పున రికార్డు చేస్తే ఒకచోట తప్పినా మొత్తం మళ్లీ చదవనక్కర్లేదు. గొంతు పూడుకుపోతే ఆగి, మంచినీళ్లు తాగి ఆ పేరా మళ్లీ చదవండి. రెండుసార్లూ దాచుకోండి. ఏడుపుతో మాట అర్థం కాకపోతే రెండోది వాడాలి, కాస్త వణుకు మాత్రమే ఉంటే మొదటిదే మంచిది.

వెనక సంగీతానికి సాహిత్యమున్న పాట పెట్టవద్దు. రెండు రకాల మాటలు ఒకేసారి వినిపిస్తే చెవి దేన్నీ పూర్తిగా పట్టుకోదు. వీణో, వేణువో, మరేదైనా వాద్య సంగీతమో చాలు. గొంతు ఉన్నచోట దాన్ని బాగా తగ్గించి, మౌనం దగ్గర మెల్లగా పెంచండి. వీడియోను యూట్యూబ్‌లో పెట్టే ఉద్దేశం ఉంటే సినిమా పాటకు కాపీరైట్ అభ్యంతరం రావచ్చు. పూర్తయ్యాక ఒకసారి ఇయర్‌ఫోన్లతో, ఒకసారి ఫోన్ స్పీకర్‌లో వినండి. స్పీకర్‌లో ఒక్క మాట వినపడకపోయినా సంగీతం ఎక్కువైనట్టే. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే నాణ్యత తగ్గుతుంది. డాక్యుమెంట్‌గా జతచేస్తే ఫైలు ఉన్నది ఉన్నట్టుగా వెళ్తుంది.

చివరగా, ఏం చెప్పకూడదో తేల్చుకోవడం కూడా రచనలో భాగమే. చదువు ఆగిపోవడం, పంపిన డబ్బు, తీర్చిన అప్పు చెల్లెలికి గర్వకారణాలు కావచ్చు. తోటివాళ్ల ముందు వాటిని వినడం అన్నకు ఇబ్బంది కావచ్చు, వదినకు కొత్త సంగతి కావచ్చు. అందుకే పంపే ముందు స్క్రిప్టును అమ్మకు, వదినకు చదివి వినిపించండి. వాళ్లు తటపటాయించిన వాక్యాన్ని వీడియోలోంచి తీసేసి, అన్నకు విడిగా ఫోన్‌లో చెప్పండి. నలుగురూ వినదగిన మాట వీడియోలో ఉండాలి, అతనొక్కడే వినవలసిన మాట అతనికే చేరాలి.