కంపెనీ చేతులు మారితే మన కాంట్రాక్టు ఎవరిది?

హైదరాబాద్‌లో లిఫ్టులు నిర్వహించే ఒక కంపెనీ ఉందనుకుందాం. ఓ అపార్ట్‌మెంట్ సంఘం ఏప్రిల్‌లోనే ఏడాదికి రూ.24,000 ముందుగా కట్టింది. అక్టోబరు 1న ఆ కంపెనీ తన వ్యాపారాన్ని మరో సంస్థకు అమ్మేసింది. ఇప్పుడు లిఫ్టు ఆగిపోతే ఎవరికి ఫోన్ చేయాలి?

కంపెనీ వాటాలు మాత్రమే చేతులు మారితే ఈ ప్రశ్నే రాదు. ఒప్పందం చేసుకున్న కంపెనీ అదే కాబట్టి. వ్యాపారాన్ని విడదీసి అమ్మినప్పుడే చిక్కు మొదలవుతుంది.

పాత కంపెనీకి రావాల్సిన బకాయిలను కొత్త సంస్థకు రాసివ్వడం అసైన్‌మెంట్. అంటే హక్కుల బదిలీ. బాకీ పడ్డవారి అనుమతి సాధారణంగా అక్కర్లేదు, సంతకం చేసిన పత్రం చాలు. కానీ బదిలీ సంగతి తెలియక ముందు పాత కంపెనీకే కట్టేసినవారిని మళ్లీ కట్టమనే వీల్లేదు. ఆస్తి బదిలీ చట్టం 130వ సెక్షన్ ఇచ్చే రక్షణ ఇది.

లిఫ్టు బాగుచేయడం హక్కు కాదు, బాధ్యత. అవతలివారి సమ్మతి లేకుండా బాధ్యతను ఇంకొకరి నెత్తిన పెట్టలేరని, సమ్మతితో పెడితే అది నిజానికి నొవేషనేనని సుప్రీంకోర్టు 1962లో ఖర్దా కంపెనీ కేసులో స్పష్టం చేసింది. నొవేషన్‌లో ముగ్గురూ ఒప్పుకోవాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 62వ సెక్షన్ ప్రకారం పాత ఒప్పందం రద్దయి, దాని స్థానంలో కొత్తది వస్తుంది.

అసలు జాగ్రత్త ఇక్కడే కావాలి. పాతది రద్దయితే పాత కంపెనీ తప్పుకుంటుంది. సంఘం కట్టిన 24,000లో ఇంకా ఆరు నెలల సేవ, అంటే రూ.12,000 విలువైన పని మిగిలే ఉంది. ఆ సొమ్ము తమకు అందలేదని కొత్త సంస్థ అనవచ్చు. సెప్టెంబరులో లిఫ్టు పడి ఎవరికైనా గాయమైతే, ఆ పరిహారం ఎవరిదో కూడా తేలకుండా పోతుంది. కాబట్టి ఫలానా తేదీకి ముందు జరిగినవి పాతవారివి, తర్వాతవి కొత్తవారివి, మిగిలిన సేవ కొత్తవారే అందించాలి అని పత్రంలో రాయించుకోవాలి.

వందలాది సంఘాల్లో కొన్ని సంతకం పెట్టవు. అలాంటిచోట పని కొత్త సంస్థ మెకానిక్కులు చేసినా, సంఘానికి జవాబుదారీ పాత కంపెనీయే. అందుకే కొందరు కొనుగోలుదారులు ‘పదిహేను రోజుల్లో అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే’ అని ఉత్తరాలు పంపుతారు. మౌనం ఒక్కటే సాధారణంగా అంగీకారం కాదు. అయితే తర్వాత కొత్త సంస్థ పేరిట బిల్లులు కడుతూ, వారి మెకానిక్కులనే పిలుస్తుంటే, ఒప్పుకున్నారనే వాదనకు బలం వస్తుంది.

అలాంటి ఉత్తరం మీ సంఘానికి వస్తే పక్కన పడేయకండి. పాత ఒప్పందంలో బదిలీ గురించి ఏం రాసి ఉందో చూసి, కట్టిన అడ్వాన్సు సంగతి రాతపూర్వకంగా తేల్చమని అడిగాకే సంతకం పెట్టండి.