పచ్చళ్ల కంపెనీ దోశపిండి లెక్క

గుంటూరు పక్కన ఓ పచ్చళ్ల కంపెనీ ఉందనుకుందాం. ఆవకాయ, గోంగూర, కందిపొడి, నల్లకారం చేస్తుంది. చుట్టుపక్కల జిల్లాల్లో 1,200 కొట్లలో వాళ్ల సీసాలు కనిపిస్తాయి. ఇప్పుడు యజమాని చూపు విజయవాడలో ప్యాకెట్ దోశపిండి మీద పడింది. 2005లో బెంగళూరులో ఓ చిన్న గదిలో ఇడ్లీ, దోశపిండితో మొదలైన ఐడీ ఫ్రెష్ ఎంత దూరం వెళ్లిందో చూసినవాళ్లకు ఈ ఆలోచన రావడం సహజం. ఈ కంపెనీ, కింద వచ్చే మార్కులు లెక్క చూపడానికి నేను ఊహించుకున్నవి. అందులో జరిగే పొరపాటు మాత్రం కొత్త సరుకులోకి దిగే చోట చాలామంది చేసేదే.

ఇలాంటప్పుడు ఎక్కువమంది ముందు స్వాట్ రాయడానికి కూర్చుంటారు. కాగితాన్ని నాలుగు గడులు చేసి బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు అని రాసుకుంటారు. బలాల గడి ఇట్టే నిండిపోతుంది: మంచి పేరు, 1,200 కొట్లు, పాత డిస్ట్రిబ్యూటర్లు. అన్నీ నిజమే. అయితే అవి పచ్చళ్ల వ్యాపారంలో బలాలు. దోశపిండిలోనూ బలాలేనా అన్నది పోటీదారు పక్కన పెట్టి కొలిస్తేగానీ తేలదు. అందుకే ముందు పోలిక పట్టిక వేసుకోవాలని, స్వాట్ అందులోంచి రావాలని నేనంటాను.

పట్టికలో నిలువు వరుసలు పోటీదారులవి. టీవీలో కనిపించే పెద్ద బ్రాండుకు ఒకటి ఎలాగూ ఇస్తారు. సందు చివర గ్రైండర్ పెట్టుకుని, పిండి కవర్లలో కట్టి అమ్మే కొట్టును మరిచిపోతారు. దానికి బోర్డు కూడా ఉండకపోవచ్చు, కానీ సాయంత్రం ఆరింటికి జనం నిలబడేది అక్కడే. ఇంకో పోటీదారు వంటింట్లోనే ఉంది: ఇంటి గ్రైండర్. దానికి మార్కులు వేయక్కర్లేదు గానీ, ఏ వీధిలో ఎందరు ఇంకా ఇంట్లోనే రుబ్బుకుంటున్నారో తెలియకుండా అమ్మకాల అంచనా వేయకూడదు.

అడ్డ వరుసల్లో కొనేవాళ్లు చూసేవి రాయాలి. మనం గొప్పగా చేసేవాటికి అక్కడ చోటు లేదు. దోశపిండికి నాలుగు చాలు: పులుపెక్కకుండా తాజాగా ఉండటం, దగ్గర్లో దొరకడం, ధర, పేరు మీద నమ్మకం. వీటి బరువులు కలిపితే 100 రావాలి. తాజాదనానికి 35, దగ్గర్లో దొరకడానికి 30, ధరకు 20, పేరుకు 15 అనుకుందాం. ఒక్కో పోటీదారుకు ఒక్కో వరుసలో 1 నుంచి 5 దాకా మార్కులు వేసి, బరువుతో గుణించి కూడాలి.

ఆఫీసులో కూర్చుని వేస్తే ఏమవుతుందో చూడండి. యజమాని తన కంపెనీకి తాజాదనంలో 4, దొరకడంలో 5, ధరలో 3, పేరుకు 5 వేసుకున్నారు. మొత్తం 425. పెద్ద బ్రాండుకు 330, సందు చివరి కొట్టుకు 385 వచ్చాయి. కాగితం మీద మనమే మొదటి స్థానంలో ఉన్నాం.

ఇప్పుడు ఆ మార్కులకు సాక్ష్యం వెతకాలి. పొద్దున ఏడింటికి ఓసారి, సాయంత్రం ఏడింటికి ఓసారి 30 కొట్లు తిరిగితే చాలా సంగతులు బయటపడతాయి. ఫ్రిజ్‌లో ఉన్న ప్యాకెట్ల మీద తయారీ తేదీలు చదవాలి. పెద్ద బ్రాండు ప్యాకెట్లన్నీ నిన్నటివో మొన్నటివో అయితే వాళ్ల బండి దాదాపు రోజూ వస్తోందన్నమాట. నాలుగు రోజుల కిందటివి వెనక వరుసలో దాగి ఉంటే అక్కడ వాళ్లకూ ఇబ్బంది ఉంది. కొట్టాయనను రెండే అడగాలి: ప్యాకెట్‌కు మీకెంత మిగులుతుంది, అమ్ముడుపోనివి ఎవరు వెనక్కి తీసుకుంటారు? తర్వాత ఒక్కో రకం నాలుగేసి ప్యాకెట్లు కొనాలి. సగం మన ఫ్రిజ్‌లో, సగం కొట్లోనే ఉంచి, మొదటి రోజు, మూడో రోజు, ఐదో రోజు దోశ పోసి చూడాలి.

ఈ చివరి పరీక్ష ఎందుకంటే, పిండి ప్యాకెట్‌లోకి వెళ్లాక కూడా పులుస్తూనే ఉంటుంది. అందులోని సూక్ష్మజీవులు ఆమ్లాన్ని, వాయువును తయారుచేస్తుంటాయి. చల్లదనం వాటిని నెమ్మదింపజేస్తుందే తప్ప ఆపదు. రాత్రి కొట్టు కట్టేస్తూ ఫ్రిజ్ స్విచ్ కూడా తీసేస్తే, తెల్లారేసరికి ప్యాకెట్ బుడగలా ఉబ్బి ఉంటుంది. వేసవి విజయవాడలో ఇది మరీ త్వరగా జరుగుతుంది. ఆవకాయ సీసాకు ఈ బాధ లేదు. నెలకోసారి వెళ్లే డిస్ట్రిబ్యూటర్ బండి దానికి సరిపోతుంది.

తిరిగొచ్చాక మార్కులు మారాయి. మన 1,200 కొట్లలో విజయవాడలో ఉన్నవి కొన్నే, వాటిలోనూ ఫ్రిజ్ ఉండి మనకు చోటిచ్చేవి ఇంకా తక్కువ. రోజూ వెళ్లే చల్లటి బండి మనకు లేదు. దొరకడం 5 నుంచి 2కు, తాజాదనం 4 నుంచి 2కు దిగాయి. పేరు సంగతి మరీ ఆశ్చర్యం. ఇళ్లలో అడిగితే, “పచ్చళ్లు బాగుంటాయండీ, కానీ పిండికి కారం వాసన పట్టదా?” అన్నవాళ్లున్నారు. అక్కడా 5 కాస్తా 3 అయింది. మొత్తం 235. మొదట ఉన్నవాళ్లం చివరికి వెళ్లాం. పోటీదారులు అక్కడే ఉన్నారు, మారింది మన గురించి మనకున్న లెక్క.

బరువులు కూడా మన ఊహే కాబట్టి వాటినీ కదిపి చూడాలి. తాజాదనం నుంచి 10 తీసి ధరకు ఇస్తే మనకు 245, పెద్ద బ్రాండుకు 310, సందు కొట్టుకు 385 వస్తాయి. వరస మారలేదు కాబట్టి ఈ పట్టికను నమ్మవచ్చు. చిన్న కదలికకే వరస తలకిందులైతే ఆ మార్కుల మీద డబ్బు పెట్టకూడదు. మళ్లీ కొట్లు తిరగాలి.

ఇక స్వాట్. పెద్ద జాలం ఇప్పుడు బలాల్లోంచి బలహీనతల్లోకి వచ్చింది, ఎందుకంటే అది నెలవారీ సరుకు కోసం కట్టుకున్నది. నిజంగా మిగిలిన బలం వేరే చోట ఉంది: పొడులు. దోశలోకి నల్లకారం చేయడంలో ఈ కంపెనీది ఇరవయ్యేళ్ల చేయి, పిండి అమ్మేవాళ్లకు అది లేదు. అవకాశాల గడిలో “మంచి ప్రకటనలు ఇస్తాం” అని రాసేస్తుంటారు. అది మనం చేసే పని. మన కంపెనీ లేకపోయినా నిజంగా ఉండేదే అవకాశం: ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే అపార్టుమెంట్లలో పిండి రుబ్బే తీరిక లేకపోవడం లాంటిది. ముప్పులకూ అదే పరీక్ష. మనం దిగగానే పెద్ద బ్రాండు కొట్లకు మార్జిన్ పెంచవచ్చు. పట్టిక ఇవాళ్టి ఫొటో మాత్రమే, రేపు వాళ్లేం చేస్తారో అందులో కనిపించదు.

గడులు నింపి ఫైల్లో పెడితే పని సగమే అయినట్టు. 1982లో హైంజ్ వైరిక్ అనే మేనేజ్‌మెంట్ ఆచార్యుడు వీటిని ఒకదానితో ఒకటి గుణించినట్టు కలపమన్నాడు. పొడుల బలాన్ని అపార్టుమెంట్ల అవకాశంతో కలిపితే, పిండి ప్యాకెట్‌కు ఓ చిన్న నల్లకారం పొట్లం జతచేసి అమ్మడం అనే ఆలోచన వస్తుంది. బండి లేని బలహీనతను పెద్ద బ్రాండు ముప్పుతో కలిపితే, ఊరంతా దిగవద్దని తేలుతుంది. ఒక్క ప్రాంతంలో, రాత్రి కూడా ఫ్రిజ్ ఆపని 60 కొట్లు ఎంచుకుని, అద్దె బండితో మూడు నెలలు నడపాలి.

ఎండు దోశ మిక్సులో దిగితే పాత జాలం మళ్లీ బలం అవుతుందిగా అని యజమాని అడగవచ్చు. అవుతుంది. కానీ అక్కడ 1924 నాటి ఎంటీఆర్, 1963 నాటి గిట్స్ ఉన్నాయి. దానికి వేరే పట్టిక వేయాలి, ఈ మార్కులు అక్కడ పనికిరావు.

ఆ మూడు నెలలూ రోజూ రాత్రి రాయాల్సిన అంకె ఒకటుంది: ఇచ్చిన ప్యాకెట్లలో వెనక్కి వచ్చినవెన్ని? దాన్ని కొట్టువారీగా, రోజువారీగా రాయాలి. ఎంత దాటితే బండి ఆపేయాలో మొదటి ప్యాకెట్ బయటికి వెళ్లకముందే నిర్ణయించి, యజమాని సంతకంతో రాసి పెట్టుకోవాలి.