364 రూపాయల సిమెంటు బస్తా

2025 అక్టోబరు మొదటివారంలో మా ఎండీగారు బడ్జెట్ కాగితం నా ముందు పెట్టి, ఒక అంకె చుట్టూ పెన్నుతో గీశారు. "సిమెంటు బస్తా 364 రూపాయలకు ఎక్కడ కొంటున్నామండీ మనం?" అన్నారు. ఫ్లాట్లు కట్టే సంస్థలో ఫైనాన్స్ మేనేజర్ని నేను. నాకు వెంటనే జవాబు తట్టలేదు.

పన్ను కాకుండా బస్తా 300 రూపాయలని బడ్జెట్లో పట్టుకున్నాం. సిమెంటు మీద జీఎస్‌టీ మొన్నటిదాకా 28 శాతం. సెప్టెంబరు 22 నుంచి అది 18 శాతానికి తగ్గింది. అంటే పాత లెక్కన బస్తా 384, కొత్త లెక్కన 354. ఈ రెండిట్లో ఏదో ఒకటి రావాలి. 364 ఏ రేటుకీ రాదు. మాకిది చిన్న విషయం కూడా కాదు. ఇళ్ల ప్రాజెక్టుల్లో మేం కట్టిన ఇలాంటి పన్నును తిరిగి రాబట్టుకునే వీలు 2019 ఏప్రిల్లో వచ్చిన కొత్త పద్ధతితో పోయింది. సిమెంటు మీద పన్నంతా నేరుగా మా ఖర్చే.

సీటుకొచ్చి ఎక్సెల్ షీట్ తెరిచాను. అక్టోబరు నుంచి మార్చి దాకా ఆరు నెలలు, నెలకు 4,000 బస్తాలు. నాలుగో వరుసలో బస్తాలు, ఐదో వరుసలో ధర, ఆరో వరుసలో ఖర్చు. Ctrl+` నొక్కితే సెల్స్‌లో అంకెలు పోయి, వాటి వెనకున్న ఫార్ములాలు కనిపిస్తాయి. రేటు తగ్గకముందు అక్టోబరు, జనవరి, మార్చి సెల్స్ వెనక ఉన్నవి ఇవీ:

```
=B4*B5*1.28
=E4*E5+E4*E5*28%
=G4*384
```

మూడూ 15,36,000 అనే చెబుతున్నాయి. రేటు మారనంత కాలం మూడూ ఒకటే. మారిన రోజున మా టీమ్‌లో ఒకబ్బాయి 1.28ని వెతికి, ఉన్నచోటల్లా 1.18 చేశాడు. నాలుగు నెలలు దారికొచ్చాయి. జనవరి సెల్లో 1.28 లేదు, 28% ఉంది. మార్చిలో అదీ లేదు. పన్ను కలిపేసిన 384 ఒక్కటే ఉంది. దాన్ని ఏమని వెతుకుతారు? ఆ రెండు నెలలూ పాత రేటులోనే మిగిలిపోయాయి. 8,000 బస్తాలకు బస్తాకు 30 చొప్పున 2,40,000 రూపాయలు లేని ఖర్చు చూపించాం. ఆరు నెలల మొత్తాన్ని 24,000 బస్తాలకు పంచితే ఎండీగారు గీసిన 364 వచ్చింది.

అబ్బాయిని తప్పుపట్టలేను. 28ని వెతికి అంతటా 18 చేసి ఉంటే ఇంకా ఘోరం జరిగేది. B28 అని రాసి ఉన్నచోట B18 అయ్యేది, ఫిబ్రవరి కూలీల లెక్కలో 28 రోజులు 18 రోజులయ్యేవి. పోతే, మార్చి సెల్లో ఆ 384 కొట్టింది నేనే. ఒక సాయంత్రం తొందరలో ఉన్నాను, క్యాలిక్యులేటర్ చేతిలో ఉంది.

ఆ రాత్రే టీమ్‌కు ఉత్తరం రాశాను. "ఫార్ములా లోపల రేటు, ధర, శాతం ఏదీ టైప్ చేయకండి. షీట్ పైభాగంలో దానికో సెల్ పెట్టి, ఫార్ములాను ఆ సెల్ వైపు చూడమనండి" అన్నది దాని సారం. ఆఫీసుల్లో వీటిని అజంప్షన్ సెల్స్ అంటాం. మూడో వరుసను జీఎస్‌టీ రేటుకు కేటాయించాక ఫార్ములా ఇలా మారింది:

```
=B4*B5*(1+B3)
```

దీన్ని పక్కకు లాగితే ఆరు నెలలకూ ఒకే ఫార్ములా.

మర్నాడు పొద్దున్నే ఒకమ్మాయి వచ్చింది. "జీఎస్‌టీ ప్రభుత్వం పెట్టిన రేటు కదా సార్, అది అజంప్షన్ ఎలా అవుతుంది?" అని అడిగింది. మంచి ప్రశ్న. ఇవాళ్టి రేటు 18 అన్నది నిజమే. మార్చిలో కూడా అంతే ఉంటుందన్నది మాత్రం మన ఊహ. 2015 మే నెలలో సర్వీస్ ట్యాక్స్ 12.36 శాతం. జూన్లో 14, నవంబరులో 14.5, మరుసటి జూన్లో 15 అయింది. 2017 జూలైలో ఆ పన్నే పోయి జీఎస్‌టీ వచ్చింది. అప్పట్లో ఫార్ములాల్లో 1.1236 కొట్టుకున్నవాళ్లు ఎన్ని రాత్రిళ్లు ఆఫీసులో గడిపారో నాకు తెలుసు, వాళ్లలో నేనూ ఉన్నాను.

ఇక్కడే ఇంకో గొయ్యి ఉంది. రేటుకు షీట్ మొత్తంలో ఒకే సెల్ పెట్టారనుకోండి. దాన్ని 28 నుంచి 18 చేయగానే, నిజంగానే 28 శాతం కట్టిన ఆగస్టు కొనుగోళ్లు కూడా 18కి దిగిపోతాయి. జరిగిపోయిన ఖర్చు తగ్గినట్టు కనబడుతుంది. అందుకే రేటును నెలవారీ వరుసగా పెట్టమన్నాను. అక్టోబరు సెల్ B3లో 18% అని టైప్ చేస్తాం. నవంబరు సెల్లో అంకె ఉండదు, `=B3` ఉంటుంది. డిసెంబరు నవంబరును చూస్తుంది. మధ్యలో ఏ నెలలోనైనా రేటు మారితే ఆ నెల సెల్లో కొత్తది కొడితే చాలు, తర్వాతి నెలలన్నీ దాని వెంట నడుస్తాయి, వెనకటివి కదలవు. సెప్టెంబరు లాంటి నెలకు ఈ ఉపాయమూ చాలదు. 21వ తేదీ దాకా ఒక కాలమ్, 22 నుంచి ఇంకో కాలమ్ వేయాల్సిందే.

చేత్తో టైప్ చేసిన అంకె నీలం రంగులో, ఫార్ములా నలుపులో ఉంచడం మా రంగంలో పాత అలవాటు. పక్కన ఆ రేటు ఏ తేదీ నుంచో, ఎవరు మార్చారో ఒక ముక్క రాయాలి. ఇది అలంకారం కాదు. అజంప్షన్ సెల్లోనే తప్పు రేటు ఉంటే ఆరు నెలలూ ఒకేలా తప్పుతాయి. ఎండీగారికి 384 కనిపించేది, పాత ధరే కదా అని ఊరుకునేవారు. 364 వింతగా ఉండబట్టి దొరికిపోయాం.

అజంప్షన్ సెల్ ఉన్నంత మాత్రాన ఫార్ములాలన్నీ దాని మాట వింటున్నాయని నమ్మకండి. పరీక్ష తేలిక. రేటు దగ్గర సున్నా కొట్టి చూడండి. పన్ను లేకపోతే 24,000 బస్తాలకు సరిగ్గా 72,00,000 రావాలి. ఆ రోజు మా పాత షీట్లో మూడో వరుస చేర్చి, జనవరి, మార్చి సెల్స్‌ను ముట్టుకోకుండా ఈ పరీక్ష చేస్తే 78,72,000 వచ్చింది. అదనంగా తేలిన 6,72,000 ఆ రెండు సెల్స్‌లో దాగిన పాత పన్నే. పరీక్ష అయ్యాక Ctrl+Z నొక్కడం మరిచిపోవద్దు. ఒకసారి మరిచిపోయినవాడిగా చెబుతున్నా.

అన్ని అంకెలనూ పైకి ఎక్కించమని కాదు నా మాట. ఏడాదికి 12 నెలలు, పైన ఫార్ములాలో కలిపిన ఆ 1, ఇవి ఏ ప్రభుత్వం వచ్చినా మారవు. వాటికి సెల్స్ పెడితే చదివేవాడికి విసుగు. వడ్డీ లెక్కలో ఏడాదికి 365 రోజులా, 360 రోజులా అన్నది మాత్రం ఒప్పందాన్ని బట్టి ఉంటుంది, దానికి సెల్ కావాలి.

ఉత్తరం చివర టీమ్‌ను ఒక్కటే అడిగాను. పాత షీట్లన్నీ ఈ వారమే బాగుచేయక్కర్లేదు. పనిమీద ఏ షీట్ తెరిచినా, మూసేముందు ఒక్కసారి Ctrl+` నొక్కి చూడండి. ఫార్ములాలో అంకె కనిపిస్తే దాన్ని పైకి తీసుకురండి. అది నేను కొట్టిందైతే నాకూ చెప్పండి.